సదరు, తాలూకు, కచేరీ: ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి?

మా తాతగారి పాత భూమి కాగితాన్ని అమెరికాలో పుట్టిన మా అక్క కూతురి కోసం మామూలు ఇంగ్లిష్‌లోకి మారుస్తున్నాను, ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను: "సదరు జమీను తాలూకు శిస్తు బకాయి తాలూకా కచేరీలో దాఖలు చేయడమైనది."

జమీను అంటే ల్యాండ్, అది సరే (దీర్ఘం పడి జామీను అయితే పూచీకత్తు, మొదట అలాగే చదివి కంగారుపడ్డా). కచేరీకి కోర్ట్ అని రాస్తే కేసు నడిచిందనుకుంటుంది, పాట కచేరీ అసలే కాదు, కాబట్టి రెవెన్యూ ఆఫీస్ అన్నాను. దాఖలుకు ఫైల్డ్ కన్నా పెయిడ్ నయం కదా, ఇక్కడ కట్టింది డబ్బు.

సదరుకి "ద సెడ్" అంటే మరీ లాయరు భాష, "దిస్" చాలదా? తాలూకు, తాలూకా ఒకే అరబ్బీ మూలంవి, మొదటిదానికి "ఆన్" చాలా? తెలిసినవాళ్లు చెప్పండి.