పొంగే రొట్టెలో కిస్మిస్‌లు: తెలుగులో ఎలా చెప్పాలి?

సుజాత: విశ్వం ఎలా విస్తరిస్తోందో చెప్పే ఒక ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. హైస్కూలు పిల్లలకు కూడా అర్థం కావాలని నా కోరిక. మూడో పేరా దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. అక్కడ రచయిత విశ్వాన్ని ఓవెన్‌లో పొంగుతున్న కిస్మిస్ రొట్టెతో పోలుస్తాడు. పిండి అంటే అంతరిక్షం, కిస్మిస్‌లంటే గెలాక్సీలు. పిండి పొంగేకొద్దీ ప్రతి కిస్మిస్‌కీ మిగతావన్నీ దూరమైపోతుంటాయి.

ఉన్నదున్నట్టు రాసి, తొమ్మిదో తరగతి చదివే మా అక్క కూతురికి ఇచ్చాను. "రొట్టె పొంగడమేంటి పిన్నీ, పుల్కాలాగానా?" అంది. దానికి రొట్టె అంటే పెనం మీద కాల్చే జొన్నరొట్టె. సరే అని బ్రెడ్ అని మార్చాను. బ్రెడ్ తెలుసు, కానీ ప్యాకెట్‌లో ముక్కలుగా కోసి ఉన్నదే తెలుసు. ఇడ్లీపిండి అని రాసేస్తే సరిపోతుందా? లేక బ్రెడ్‌నే ఉంచి పక్కన రెండు వాక్యాలు వివరణ ఇవ్వాలా?

వెంకటేశ్వర్లు: కిస్మిస్ ఎందుకమ్మా, ఎండుద్రాక్ష అనే చక్కని మాట ఉండగా? వ్యాసమంతా ఎండుద్రాక్ష అనే వాడండి.

సుజాత: తప్పకుండా ఆలోచిస్తానండి. అయితే నాకు అడ్డం పడుతున్నది కిస్మిస్ కాదు, పొంగడం.

ప్రసాద్: ఇడ్లీపిండే సరైనది. రాత్రి సగం గిన్నె ఉన్న పిండి తెల్లారేసరికి మూతను తాకుతుంది. చూడని పిల్లలుండరు. అందులో నాలుగు శనగపప్పు బద్దలు వేశాం అనుకోమనండి, అవే గెలాక్సీలు. పోలిక మన వంటింట్లోంచి రావాలి, అంతే.

రామ్మోహన్: ప్రసాద్ గారూ, పోలిక మన వంటింట్లోంచి రావాలన్నది ఒప్పుకుంటాను. నేను ముప్ఫై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఈ పోలికతో చాలాసార్లు తంటాలు పడ్డాను. ముందు ఆ రొట్టె వ్యాసంలో ఏ పని చేస్తోందో చూద్దాం.

పిండి గంటలో అన్ని వైపులా రెట్టింపు సాగిందనుకోండి. ఒక కిస్మిస్ మీద మీరు కూర్చున్నారు. 1 సెంటీమీటరు దూరంలో ఉన్నది 2 సెంటీమీటర్లకు వెళ్లింది. 2లో ఉన్నది 4కి, 3లో ఉన్నది 6కి. అంటే అదే గంటలో దగ్గరిది 1 సెంటీమీటరు జరిగితే, దూరపుది 3 జరిగింది. ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది. 1929లో హబుల్ గెలాక్సీల విషయంలో చూపించింది ఇదే. ఇప్పటి లెక్కల ప్రకారం ప్రతి 10 లక్షల కాంతి సంవత్సరాల దూరానికీ సెకనుకు 20 కిలోమీటర్ల పైచిలుకు వేగం పెరుగుతుంది. మీరు ఏ కిస్మిస్ మీద కూర్చున్నా ఇదే లెక్క వస్తుంది కాబట్టి, మీరున్న చోటు కేంద్రం కాదు. పైగా కిస్మిస్ సాగదు, పిండే సాగుతుంది. ఈ మూడూ నిలబెట్టే వస్తువు ఏదైనా సరే నాకు ఇష్టమే.

ఇడ్లీపిండి మొదటి దగ్గరే ఆగిపోతుంది. గిన్నె గోడలు ఉన్నాయి కాబట్టి అది పైకే లేస్తుంది, పక్కలకు సాగదు. పక్కపక్కన ఉన్న రెండు బద్దలు తెల్లారినా అంతే దూరంలో ఉంటాయి. పిండి జారుగా ఉంటే అసలు అడుక్కు దిగిపోతాయి.

ఇంకో మాట. కొందరు ప్రతి గెలాక్సీనీ పాలపుంత అని రాస్తున్నారు. పాలపుంత మన గెలాక్సీ ఒక్కదాని పేరు. సుజాత గారు గెలాక్సీ అనే ఉంచడం నాకు నచ్చింది.

ఖాదర్: సార్ గోడల గురించి అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. మా నాన్నది బేకరీ. బ్రెడ్ పిండి కూడా డబ్బాలో పెడితే పైకే లేస్తుంది, అందుకే అది ఇటుకలా వస్తుంది. అదే బన్ అయితే ఉండ చేసి రేకు మీద ఖాళీ వదిలి పెడతాం. గంట తర్వాత చూస్తే ఉండ అన్ని వైపులా ఉబ్బి ఉంటుంది. ఎక్కువ పొంగేది ఓవెన్‌లోకి వెళ్లకముందే, తడిగుడ్డ కింద. మీ రచయిత ఓవెన్ అన్నాడు కానీ, అక్కడికి వెళ్లాక ఇంకాస్త లేచి గట్టిపడుతుంది. టూటీఫ్రూటీ వేసిన బన్ పిల్లలందరూ తిన్నదే. "ఫ్రూట్ బన్ పిండి" అని రాయండి మేడమ్.

సుజాత: ఖాదర్ గారూ, బన్ బాగుంది. కానీ మా పాప బన్ తిన్నది, పొంగుతుండగా చూడలేదు. పోలిక ఆధారపడింది ఆ చూడని గంట మీదే కదా.

రజిత: మా బడిలో మేము బుగ్గతోని చూపిస్తాం. ఊదని బుగ్గ మీద పెన్నుతో చుక్కలు పెట్టి ఊదుడే. అయితే చుక్కలు కూడా పెద్దగైతయి. అందుకే ఇప్పుడు చిన్న బొట్టుబిళ్ళలు అంటిస్తున్న. బుగ్గ ఉబ్బుతది, బిళ్ళ అంతే ఉంటది.

ప్రసాద్: బుగ్గ అంటే మా వైపు చెంప. పుస్తకంలో బూర అనాలి.

రజిత: మా వైపు బూర అంటే పిల్లలు ఊదే పీక. అందరికీ తెలిసింది బెలూన్, అదే రాయుమనండి.

రామ్మోహన్: బొట్టుబిళ్ళలు చాలా బాగున్నాయమ్మా, నాకెప్పుడూ తట్టలేదు. ఒక్క చిక్కుంది. బెలూన్ చూపించిన ప్రతిసారీ ఒక పిల్లవాడు లేచి "మధ్యలో ఏముంది సార్" అని అడిగేవాడు. ఆ పోలికలో తోలు మాత్రమే విశ్వం, లోపలి గాలి లెక్కలోకి రాదు. అది చెప్పడానికి ఇంకో పది నిమిషాలు పట్టేది. రొట్టెకి ఆ బాధ లేదు, కానీ దానికి అంచు ఉంది.

లక్ష్మి: నాకు సైన్స్ అంతగా తెలియదు, టైలరింగ్ తెలుసు. లంగాలకు వేసే ఎలాస్టిక్ మీద అంగుళానికో గుండీ కుట్టి రెండు చివరలూ పట్టుకుని లాగితే? సార్ చెప్పినవి వస్తాయా? ఇప్పుడే కుట్టి చూశాను. ఏడు గుండీలు. రెట్టింపు లాగి టేపు పెట్టి కొలిస్తే, నాలుగో గుండీ నుంచి పక్కది 2 అంగుళాలు, దాని పక్కది 4, చివరిది 6. రెండో గుండీ నుంచి కొలిచినా అలాగే వచ్చింది. గుండీ మాత్రం సాగలేదు.

రామ్మోహన్: మూడూ వచ్చాయి లక్ష్మి గారూ. ఒకే గీత మీద చూపిస్తుంది, చివరలు కూడా ఉన్నాయి, ఆ రెండు మాటలూ వ్యాసంలో చెప్పాలి. నాకు జంకు ఒక్కటే. ఎలాస్టిక్‌ని బయటి నుంచి లాగుతాం. పిండి తనంతట తానే పొంగుతుంది. విశ్వాన్ని బయట నిలబడి లాగేవాళ్లెవరూ లేరు.

సుజాత: రాత్రి ఎలాస్టిక్‌తో పేరా తిరగరాసి పాపకి ఇచ్చాను. తన లంగాలోంచే ఎలాస్టిక్ తీసి కొలిచింది. దూరపు గుండీ ఎందుకు ఎక్కువ జరిగిందో తనే చెప్పింది. ఆ వెంటనే, "ఎవరు లాగుతున్నారు పిన్నీ?" అంది. రామ్మోహన్ గారు భయపడ్డదే.

ఇంకో ఇబ్బంది. రచయిత ఆరో పేరాలో మళ్లీ రొట్టె దగ్గరికి వస్తాడు. ఆండ్రోమెడా గెలాక్సీ మనకు దూరం కావడం లేదు, దగ్గరికొస్తోంది, ఎందుకంటే గురుత్వాకర్షణ ఆ రెంటినీ పట్టి ఉంచింది అంటూ, ఒకదానికొకటి అతుక్కున్న రెండు కిస్మిస్‌ల పోలిక తెస్తాడు. మూడో పేరాలో గుండీలు పెట్టి ఇక్కడ కిస్మిస్‌లు అంటే కుదరదు.

లక్ష్మి: రెండు గుండీలను ఒకే దారంతో కలిపి ముడేస్తే? ఎలాస్టిక్ సాగినా ఆ రెండూ విడిపోవు.

రామ్మోహన్: విడిపోకపోవడం వరకూ సరే. దగ్గరికి రావడం దారంతో రాదు. ఆ మాటకొస్తే కిస్మిస్‌తోనూ రాదు, మూలంలోనే ఉన్న లోటు అది.

ఖాదర్: పొంగడం చూడలేదన్నదే కదా మీ ఇబ్బంది. పాపని రేపు పొద్దున నాలుగింటికి మా బేకరీకి తీసుకురండి మేడమ్, గంటసేపు కూర్చుంటే కళ్లారా చూస్తుంది.

సుజాత: వస్తాం ఖాదర్ గారూ. అందాకా మూడో పేరాలో ఎలాస్టిక్, ఆరులో ముడేసిన గుండీలు పెట్టి, "బయటి నుంచి లాగేవాళ్లు లేరు, అంతరిక్షమే సాగుతోంది" అని ఒక వాక్యం చేర్చాను. రచయితకి కూడా రాశాను, తన రొట్టె తీసేయడం ఆయనకి సమ్మతమో కాదో తెలియాలి.