బ్యాక్‌టెస్ట్‌లో అమ్ముడుపోయే షేరు మార్కెట్లో పోవడం లేదు. వాల్యూమ్ కట్టడి ఎంత పెట్టాలి?

బురుజు బాబు, కర్నూలు
చిన్న కంపెనీల్లో మొమెంటమ్ నడుపుతున్నా. 20 లక్షలు, 20 షేర్లు, ఒక్కోదానికి లక్ష. బ్యాక్‌టెస్ట్‌లో అంతా ముగింపు ధరకే అమ్ముడుపోతుంది. నిజంగా అమ్మబోతే ఐదు బిడ్లూ కలిపినా పదివేలకు మించి కొనేవాడు లేడు. 20 రోజుల సగటు టర్నోవర్‌లో 10 శాతం మించకుండా కొంటే సరిపోతుందా?

కడప సీను
10 శాతం ఎక్కువప్పా. అదీ మొత్తం వాల్యూమ్ మీద కాదు, డెలివరీ వాల్యూమ్ మీద తీయాల. మిగతాదంతా ఇంట్రాడే ఆటే.

ఆదోని పత్తి
నాకూ ఇదే బాధ. నిన్న ఆర్డరు రిజెక్ట్ అయింది, మార్జిన్ చాలదంట. మీరు ఏ యాప్ వాడతారు?

అనంత లెక్కలు, అనంతపురం
పత్తి అన్నా, నీది మార్జిన్ గొడవ, ఇది వేరే.

బాబూ, ఎంత శాతం అనే ముందు ఏ సగటో చూడు. ఒక షేరు 19 రోజులు మూడేసి లక్షలు ఆడింది, ఒక్కరోజు ఎవరో పెద్దాయన చేతులు మార్చుకుంటే 1.23 కోట్లు ఆడింది అనుకో. సగటు 9 లక్షలు. నీ లెక్కలో 90 వేలు కొనొచ్చు. కానీ మామూలు రోజున ఆడేది మూడు లక్షలే, అందులో 10 శాతమంటే 30 వేలు. అదే వేగంతో 90 వేలు అమ్మాలంటే మూడు రోజులు పడుతుంది. అందుకే మీడియన్ వాడు:

```python
med = df["TURNOVER_LACS"].rolling(20).median().shift(1)
cap = 0.10 * med * 100000   # రూపాయల్లో
```

`shift(1)` తీసేయొద్దు. సిగ్నల్ వచ్చిన రోజు వాల్యూమ్ ఎటూ ఉబ్బుతుంది. ఆ రోజు అంకె ముందే తెలిసినట్టు లెక్క కట్టకూడదు.

సీనూ, డెలివరీ లెక్క జాగ్రత్త కోసమైతే సరే. కానీ షేరు ట్రేడ్-టు-ట్రేడ్‌లోకి, అంటే BE సిరీస్‌లోకి పోతే అంతా డెలివరీయే. ఇంట్రాడే వాళ్లు తప్పుకుని బిడ్లు పల్చబడతాయి, నీ లెక్కలో డెలివరీ శాతం మాత్రం నూరే. అమ్మేటప్పుడు ఇంట్రాడే వాడి బిడ్ కూడా బిడ్డే కదప్పా.

కడప సీను
BE సంగతి నాకు తట్టలేదు. అయినా 10 మాత్రం ఒప్పుకోను. ఫలితాలు బాగాలేనప్పుడు అందరం ఒకేసారి అమ్ముతాం, లోయర్ సర్క్యూట్ పడితే నీ మీడియన్ ఏం చేస్తాది?

అనంత లెక్కలు
ఏమీ చేయదు. సర్క్యూట్‌లో కొనేవాడే ఉండడు. ఇరుక్కునే సొమ్ము చిన్నదవుతుంది, అంతే. బ్యాక్‌టెస్ట్‌లో ముగింపు ధర కింది బ్యాండ్‌ దగ్గరే ఆగిన రోజున అమ్మకం జరగలేదనే రాసుకో, మర్నాటికి నెట్టు.

బురుజు బాబు
పెట్టి చూసినా. సగానికి పైగా షేర్లకు లక్ష పట్టడం లేదు, రాబడి బాగా తగ్గింది. మిగిలిన డబ్బు ఖాళీగా ఉంచాలా, 21వ షేరు కొనాలా?

అనంత లెక్కలు
నేనైతే ఖాళీగా ఉంచుతా. జాబితాలో కిందికి పోయేకొద్దీ సిగ్నల్ పల్చనవుతుంది.

కడప సీను
నేను 30 దాకా పోతా. ఖాళీ డబ్బుతో స్ట్రాటజీ ఎందుకప్పా?