అప్‌డేట్: మామయ్యగారికి పుట్టినరోజు మెసేజ్

నా ప్రశ్న: “కొత్త కోడల్ని. మామయ్యగారికి పుట్టినరోజు మెసేజ్ పెట్టాలి. మర్యాద తగ్గకూడదు, అలాగని ఆఫీసు లెటర్‌లా ఉండకూడదు. ఎలా రాయాలి?”

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. చివరికి పంపింది ఇది:

“మామయ్యగారూ, నమస్కారం. పుట్టినరోజు శుభాకాంక్షలు. వచ్చిన కొత్తలో వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియక నేను తడబడుతుంటే, మీరే అన్నిటికీ చీటీలు రాసి అంటించారు. ఆ రోజే బెరుకు సగం పోయింది. మీరు ఆయురారోగ్యాలతో ఉండాలని దేవుణ్ణి కోరుకుంటున్నాను. సాయంత్రం సేమ్యా పాయసం నేనే చేస్తాను, చక్కెర తక్కువే వేస్తాను. మీ ఆశీస్సులు కోరుతూ, మీ కోడలు.”

“మీరు నాకు నాన్నతో సమానం” అన్న వాక్యం తీసేశాను. కొత్తలో ఆ మాట ఎవరైనా అనేస్తారు, పైపై మాటలా ఉంటుంది. చీటీలు మాత్రం ఆయన చేసిన పని, ఇంకెవరికీ అతకదు. “నిండు నూరేళ్లు చల్లగా ఉండండి” కూడా వద్దనుకున్నాను. అది పెద్దవాళ్లు చిన్నవాళ్లకిచ్చే దీవెన. చిన్నవాళ్లు దేవుణ్ణి కోరుకోవాలి, ఆశీస్సులు అడగాలి.

పొద్దున కాళ్లకు దండం పెట్టాకే ఇది విడిగా ఆయనకు పంపాను. ఫ్యామిలీ గ్రూపులో ఒక్క లైనే. చీటీల సంగతి అక్కడ పెడితే బంధువులంతా ఆటపట్టిస్తారు, ఆయనకు మొహమాటం.