ఐదేళ్ల అనుభవం ఉన్నా రెజ్యూమ్ స్కోరు 24. తేడా ఎక్కడ కొడుతోంది?

మిర్చియార్డ్_లెక్కలు
నమస్కారమండీ. మాది గుంటూరు. ఎం.కామ్ చేశాను, ఇక్కడే ఒక కోల్డ్ స్టోరేజీలో ఐదేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ట్యాలీ, నెలనెలా జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు, బ్యాంక్ రికన్సిలియేషన్, రైతుల వారీగా టిక్కీల స్టాకు, అద్దె లెక్కలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. మా వారి ఉద్యోగం బెజవాడలో కాబట్టి అక్కడ అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకి అప్లై చేస్తున్నా. ఒక్కరూ ఫోన్ చేయట్లేదు.

ఓ ప్రకటన, నా రెజ్యూమ్ రెండూ కలిపి ఒక ఫ్రీ చెకర్‌లో పెట్టి చూశాను. వందకి 24 వచ్చింది. ట్యాలీ లేదట, జీఎస్టీ లేదట, ఆఖరికి డిగ్రీ కూడా లేదట! మొదటి పేజీలో సగం వాటి గురించే ఉంది కదా. మా ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి రెజ్యూమ్‌కి అదే ప్రకటన మీద 70 దాటింది. నాది డీటీపీ సెంటర్‌లో చేయించిన పీడీఎఫ్, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

కీవర్డ్_కిరణ్
సింపుల్ అండీ, కీవర్డ్స్ తక్కువయ్యాయి. ప్రకటనలో ఏ మాట వాడితే అదే మాట మీరూ వాడాలి. వాళ్లు Accounts Receivable అంటే మీరు Debtors అని రాస్తే మెషీన్‌కి అర్థం కాదు. ఇంకో చిట్కా, ప్రకటన మొత్తం కాపీ చేసి రెజ్యూమ్ అడుగున తెల్ల అక్షరాల్లో పెట్టేయండి. మనిషికి కనపడదు, మెషీన్ చదువుకుంటుంది. పీడీఎఫ్ మాత్రం అసలు వద్దు, ఎప్పుడైనా వర్డ్ ఫైలే.

పరీక్షల_పట్టాభి
నాకూ సేమ్ ప్రాబ్లమ్ మేడమ్. ఫోటో 50 కేబీ లోపు ఉండాలంటుంది, తగ్గిస్తే మొహం మసకగా ఉందని రిజెక్ట్ చేస్తుంది. సంతకం కూడా అంతే. నెట్ సెంటర్ వాడు ప్రతిసారీ ఇరవై రూపాయలు తీసుకుంటున్నాడు. ఏ యాప్‌లో తగ్గించాలో ఎవరైనా చెప్పగలరు.

కృష్ణలంక_కోడర్
పట్టాభి గారూ, మీది వేరే సంగతి, దానికి విడిగా ఒక చర్చ పెట్టండి.

మేడమ్, కీవర్డ్స్ సంగతి తర్వాత చూద్దాం. ట్యాలీ అన్న మాట పేజీ మీద ఉండగా లేదంటోందంటే, దానికి పేజీ చేరలేదనే నా అనుమానం. రెండు విషయాలు చెప్పండి. జాబ్ పోర్టల్‌లో రెజ్యూమ్ అప్‌లోడ్ చేయగానే ఫారం దానంతటదే నిండుతుంది కదా, మీకు ఏ గడులు నిండుతున్నాయి? రెండోది, పీడీఎఫ్ తెరిచి Ctrl+A, Ctrl+C కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏం వస్తుందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఇది కంప్యూటర్‌లోనే చేయండి. కొన్ని ఫోన్లు బొమ్మలో ఉన్న అక్షరాల్ని కూడా సెలెక్ట్ చేయనిస్తాయి, దాంతో అంతా బాగానే ఉందనిపిస్తుంది.

మిర్చియార్డ్_లెక్కలు
పేరు, ఫోన్, మెయిల్ నిండుతాయండీ. చదువు, అనుభవం ఖాళీగా వస్తే ప్రతిసారీ నేనే టైప్ చేస్తున్నా. అందరికీ అంతేనేమో అనుకున్నాను.

నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే ఒకే ఒక్క లైను వచ్చింది. నా పేరు, ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ. రెండు పేజీల రెజ్యూమ్‌లో ఇంకేమీ రాలేదు! కానీ ఇది స్కాన్ చేసింది కాదండీ. స్కాన్ అయితే పెద్దది చేసినప్పుడు అలుక్కుపోతుంది, ఇదేమో ఎంత జూమ్ చేసినా అక్షరాల అంచులు బ్లేడుతో కోసినట్టే ఉన్నాయి.

కృష్ణలంక_కోడర్
దొరికింది. అవి అక్షరాలు కావు, అక్షరాల ఆకారంలో గీసిన గీతలు. మీ రెజ్యూమ్‌ని కోరెల్‌డ్రాలో చేసి, అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చేసి ఉంటారు. అందుకే జూమ్ చేసినా చెదరవు. మన కంటికి అది T, అది a, అది l. ఫైల్లో మాత్రం ఇక్కణ్ణుంచి అక్కడికి ఒక వంపు, దాన్ని నల్లగా నింపు అని మాత్రమే రాసి ఉంటుంది.

రుజువు కావాలంటే అక్రోబాట్ రీడర్‌లో Ctrl+D కొట్టి Fonts అనే ట్యాబ్ చూడండి. మామూలు రెజ్యూమ్‌లో వాడిన ఫాంట్లన్నీ అక్కడుంటాయి. మీ దాంట్లో ఒక్కటే ఉండాలి, అదీ ఆ ఫోన్ నంబరు లైనుది. లైనక్స్ వాళ్లయితే ఇది చాలు:

```
pdftotext resume.pdf -
```

స్క్రీన్ మీద ఏం పడుతుందో సుమారుగా పోర్టల్‌కి చేరేదీ అంతే. సుమారుగా అని ఎందుకన్నానంటే, కొన్ని పోర్టళ్లు అక్షరాలు దొరక్కపోతే పేజీని బొమ్మలా తీసుకుని, అందులోని అక్షరాల్ని ఓసీఆర్‌తో గుర్తుపట్టి చదువుతాయి. అన్నీ చేయవు. మీ విషయంలో ఒక లైను దొరికింది కాబట్టి, చేసేవాటిలో కూడా కొన్ని దాంతోనే సరిపెట్టుకుని ఉండొచ్చు.

ఆ ఒక్క లైను ఎలా మిగిలిందో మాత్రం నాకు అంతుపట్టలేదు.

డీటీపీ_శీను
అది నేను చెప్తా, గవర్నర్‌పేటలో ఇదే పని నాది. మేడమ్, మీరు మధ్యలో ఫోన్ నంబరు మార్పించారా? మొదట అంతా టైప్ చేసి, Ctrl+Q కొట్టి కర్వ్స్ చేసేసి ఉంటారు. తర్వాత మీరొచ్చి నంబరు మార్చమంటే, పాత లైను తీసేసి కొత్తగా టైప్ చేసి అలాగే పీడీఎఫ్ ఇచ్చేసి ఉంటారు. అందుకే అదొక్కటీ ప్రాణంతో ఉంది.

మా వాళ్లని తిట్టకండి. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు ప్రెస్‌కి పంపేటప్పుడు కర్వ్స్ చేయకపోతే కొంప మునుగుతుంది. అవతల మిషన్లో అనూ ఫాంట్లు లేకపోతే పెళ్లికొడుకు పేరు పిచ్చి గుర్తులై కూర్చుంటుంది. ఆ అలవాటు చేతికి ఎక్కేసింది, రెజ్యూమ్‌కీ అదే చేస్తారు. ప్రింట్ తీసి చేతికిస్తే ఏ ఇబ్బందీ లేదు కదా. కొందరు Ctrl+Q కొట్టరు కానీ పీడీఎఫ్ చేసేటప్పుడు అక్షరాలన్నీ కర్వ్స్ చేయమన్న టిక్కు పెట్టి వదిలేస్తారు, అప్పుడు ఒక్క లైనూ మిగలదు. కర్వ్స్ చేయకముందు సేవ్ చేసిన ఫైలుందేమో అడగండి.

మిర్చియార్డ్_లెక్కలు
శీను గారూ, మీరన్నది అక్షరాలా నిజం. పెళ్లయ్యాక నంబరు మార్చాను, అప్పుడు వెళ్లి మార్పించాను. ఇవాళ మళ్లీ వెళ్లి అడిగితే కర్వ్స్ చేసిందే ఉందట, దాని మీదే సేవ్ చేశారట.

గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే అక్షరాలైతే వచ్చాయి గానీ GSTR-3B కాస్తా GSTR-38 అయింది. అసలే లెక్కల ఉద్యోగం, ఇలాంటి తప్పుతో పంపితే ఇంకేమన్నా ఉందా! కూర్చుని వర్డ్‌లో మొత్తం కొత్తగా టైప్ చేశాను. ఒక రెజ్యూమ్ టెంప్లేట్ తీసుకుని, పీడీఎఫ్ చేసి, అదే ప్రకటనతో అదే చెకర్‌లో పెట్టాను. అనుభవంలో ఒక్క మాట మార్చలేదు. 24 కాస్తా 66 అయింది. పోర్టల్‌లో ఫారం కూడా దానంతటదే నిండింది.

కానీ Bank Reconciliation లేదని ఇంకా అంటోంది. ప్రకటనలోనూ అదే స్పెల్లింగు, నాదీ అదే.

కీవర్డ్_కిరణ్
చూశారా, నేను ముందే చెప్పా పీడీఎఫ్ వద్దని.

కృష్ణలంక_కోడర్
కిరణ్ గారూ, ఇప్పుడు పెరిగింది కూడా పీడీఎఫ్‌తోనే కదండీ. ఫైలు పేరు చివర ఏముందన్నది కాదు, లోపల అక్షరాలున్నాయా లేదా అన్నదే. వర్డ్‌లోనూ గుంటలున్నాయి. ఫోన్ నంబరు హెడర్‌లో పెట్టినా, నైపుణ్యాలు టెక్స్ట్ బాక్స్‌లో పెట్టినా కొన్ని పోర్టళ్లు వాటిని వదిలేసి వెళ్లిపోతాయి.

మేడమ్, కొత్త పీడీఎఫ్‌ని కూడా నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి ఆ ఒక్క మాట దగ్గర ఆగి చూడండి. ఫాంట్ కాలిబ్రీయేనా?

మిర్చియార్డ్_లెక్కలు
కాలిబ్రీనే. అయ్య బాబోయ్, ఇదేంటండీ! నోట్‌ప్యాడ్‌లో ఇలా ఉంది:

```
Bank ReconciliaƟon
Stock VerificaƟon
```

t, i రెండూ కలిసి ఏదో గుండ్రటి అక్షరం అయిపోయింది. పీడీఎఫ్‌లో మాత్రం శుభ్రంగా కనపడుతోంది.

కృష్ణలంక_కోడర్
అనుకున్నదే. కాలిబ్రీలో t పక్కన i వస్తే రెంటినీ కలిపి ఒకే అచ్చుగా వేసే లిగేచర్ అనే ఏర్పాటుంది. మన ఒత్తుల్లాగే అనుకోండి. చూపుకి బాగానే ఉంటుంది గానీ, పీడీఎఫ్‌లోకి వెళ్లేటప్పుడు ఆ అచ్చుకి సంబంధం లేని Ɵ అనే గుర్తు అంటుకుంటుంది. t రెండుసార్లు వచ్చినా ఇలాగే Ʃ అవుతుంది. మీ టెంప్లేట్‌లో లిగేచర్లు ఆన్ చేసి ఉంటాయి. వర్డ్‌లో అంతా సెలెక్ట్ చేసి Ctrl+D, అందులో Advanced, అక్కడ Ligatures దగ్గర None పెట్టండి. లేదా ఫాంటే మార్చేయండి. మళ్లీ పీడీఎఫ్ చేశాక నోట్‌ప్యాడ్ పరీక్ష మాత్రం తప్పకుండా చేయండి.

హెచ్ఆర్_వదిన
బెజవాడలోనే ఒక కంపెనీలో రిక్రూట్‌మెంట్ చూస్తాను. మా వైపు ఏం జరుగుతుందో చెప్తా. ఈ స్కోరు చూసి సాఫ్ట్‌వేర్ దానంతటదే తీసి పారేస్తుందని అందరూ అనుకుంటారు. మా దగ్గర అలా లేదు. ఒక పోస్టుకి వందల్లో వస్తాయి, నేను సెర్చ్‌లో Tally, GSTR-3B అని కొడతాను, వచ్చిన వాటిని తెరుస్తాను. ఈ అమ్మాయి పాత ఫైలు నా దగ్గరికి వచ్చి ఉంటే నేను కాదనేదాన్ని కాదు, అసలు చూసేదాన్నే కాదు. తెరిచి ఉంటే చక్కగానే కనపడేది కూడా. వేరే కంపెనీల్లో స్కోరుతోనే వరస పెట్టి పైనున్నవి మాత్రమే చూసేవాళ్లూ ఉన్నారు.

ఫ్రీ చెకర్ ఇచ్చే అంకెని పట్టుకుని వేలాడకమ్మా. ఒక్కో చెకర్‌ది ఒక్కో లెక్క, మా సాఫ్ట్‌వేర్‌తో దానికి సంబంధం లేదు. 24 నీకు పనికొచ్చింది, ఫైల్లో ఏదో చెడిందని చెప్పింది కాబట్టి. 66ని 90 చేయాలని రాత్రంతా కూర్చుంటే ఏం లాభం లేదు.

కిరణ్, ఆ తెల్ల అక్షరాల చిట్కా ఎవరికీ చెప్పకు నాయనా. మా స్క్రీన్‌లో రంగులు, ఫాంట్లు తీసేసి ఉత్త అక్షరాలు చూపించే చోటు ఒకటుంటుంది. మా ప్రకటన మాకే అడుగున కనపడితే ఎలా ఉంటుందో ఆలోచించు.

మిర్చియార్డ్_లెక్కలు
థాంక్స్ వదినా. లిగేచర్లు తీసేశాక రికన్సిలియేషన్ కూడా దొరికింది. ఇకముందు పంపేవాటికి బెంగ లేదు. మరి పాత ఫైలుతో పెట్టిన అప్లికేషన్ల సంగతేంటి? ఆటోనగర్‌లో ఒక పోస్టు నాకు బాగా నచ్చింది, గడువు ఇంకా ఉంది. ఆ పోర్టల్‌లో ఫైలు మార్చే బటన్ లేదు, Withdraw ఒక్కటే ఉంది.

హెచ్ఆర్_వదిన
Withdraw అప్పుడే నొక్కకు. కొన్నింట్లో వెనక్కి తీసుకుంటే అదే పోస్టుకి మళ్లీ పెట్టనివ్వదు. ముందు ప్రొఫైల్‌లోకి వెళ్లి అక్కడ రెజ్యూమ్ మార్చి చూడు. కొన్ని పోర్టళ్లలో కొత్తదే మాకు కనపడుతుంది, కొన్నింట్లో అప్లై చేసిన రోజు ఫైలే ఉండిపోతుంది. నీది ఏ రకమో బయటి నుంచి చెప్పలేను. ఆ ప్రకటనలో మెయిల్ ఐడీ ఉంటే, అప్లికేషన్ నంబరు రాసి కొత్త ఫైలు జతచేసి రెండు లైన్లు పంపు.

కీవర్డ్_కిరణ్
నాకు Withdraw చేశాక మళ్లీ పెట్టనిచ్చింది. ఏం కాదు, నొక్కండి.

పరీక్షల_పట్టాభి
సంతకం జేపీజీలోనే ఉండాలా, పీఎన్‌జీ అయినా తీసుకుంటుందా?