రెజ్యూమేలో ప్రతి లైనూ "రెస్పాన్సిబుల్ ఫర్" అయితే, దాని బదులు ఏం రాయాలి?

శైలజ:
మా తోడికోడలు ఒక ప్రైవేటు ఆసుపత్రి మందుల స్టోర్‌లో ఆరేళ్లు ఫార్మసిస్టుగా చేసి ఈమధ్యే మానేసింది. వేరేచోట అప్లై చేస్తూ రెజ్యూమే ఒకసారి చూడమంది. ఎక్స్‌పీరియన్స్ కింద ఐదు లైన్లున్నాయి. రెస్పాన్సిబుల్ ఫర్ మెడికల్ స్టోర్స్, రెస్పాన్సిబుల్ ఫర్ ఎక్స్‌పైర్డ్ డ్రగ్స్, రెస్పాన్సిబుల్ ఫర్ వార్డ్ ఇండెంట్స్, రెస్పాన్సిబుల్ ఫర్ షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్, రెస్పాన్సిబుల్ ఫర్ ట్రెయినింగ్ న్యూ స్టాఫ్. తప్పుల్లేవు గానీ, ఇంట్లో రోజూ చూసే నాకే ఆవిడ అక్కడ ఏం చేసేదో అర్థం కాలేదు. ఏ క్రియలు పెడితే బాగుంటుంది?

కిరణ్:
అక్కా, మేనేజ్డ్, హ్యాండిల్డ్, లెడ్, స్పియర్‌హెడెడ్, ఆర్కెస్ట్రేటెడ్. లైనుకొకటి పెట్టెయ్యండి, ఏదీ రిపీట్ కాకుండా చూసుకోండి. ఇప్పుడు చాలాచోట్ల సాఫ్ట్‌వేరే వడపోస్తోంది. బలమైన క్రియ లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

రామ్మోహన్:
ఈ మాట నాకూ తలనొప్పిగానే ఉంది. మా సంఘం వార్షిక నివేదిక తెలుగు చేస్తున్నాను. "ఈ విభాగానికి బాధ్యులు" అని రాస్తే, ఏదో తప్పు చేసి దొరికినట్టుందని మా కార్యదర్శి అంటున్నారు. "బాధ్యత వహించినవారు" అంటే సరిపోతుందా?

శైలజ:
రామ్మోహన్ గారూ, నేనడిగింది ఇంగ్లీషు రెజ్యూమే గురించండి.

సుభద్ర:
అయినా ఆయన అన్నది మీ రెండో లైనుకు సరిగ్గా అతుకుతుంది. ఇంగ్లీషులోనూ ఆ మాటకు "కారకులు" అనే అర్థం ఉంది. "రెస్పాన్సిబుల్ ఫర్ ఎక్స్‌పైర్డ్ డ్రగ్స్" అని చదివినవాళ్లకు, మందులు గడువు దాటిపోవడానికి ఈవిడే కారణమన్న అర్థం కూడా వస్తుంది. ముందు ఆ లైను మార్చండి.

నేను చాలా ఏళ్లు ఆసుపత్రుల నియామకాల్లో పనిచేశాను. "రెస్పాన్సిబుల్ ఫర్" తర్వాత వచ్చేది ఆ కుర్చీకి అప్పగించిన పని. ఆ కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చున్నా అదే లైను రాయొచ్చు, ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లూ రాయొచ్చు. కిరణ్ చెప్పిన "మేనేజ్డ్", "హ్యాండిల్డ్" పెట్టినా అంతే, లోపల అదే ఖాళీ. క్రియల జాబితా ఇప్పుడే తెరవకండి. ముందు మీ తోడికోడల్ని కూర్చోబెట్టి, గడువు మందులతో అసలు ఏం చేసేదో తెలుగులో చెప్పమనండి. ఆవిడ నోటినుంచి వచ్చిన క్రియలన్నీ రాసుకోండి.

శైలజ:
అడిగానండీ. ఆవిడ మాటల్లోనే పెడుతున్నాను. "ప్రతి నెలా మొదటివారంలో షెల్ఫులన్నీ చూసి, మూడు నెలల్లోపు గడువున్నవి వేరు చేసేదాన్ని. వాటిలో వార్డుల్లో వాడకమున్నవి ముందు పంపేసేదాన్ని. మిగిలినవి స్టాకిస్టుకు తిప్పి పంపి క్రెడిట్ నోట్ రాబట్టేదాన్ని. వాళ్లు ఊరికే ఇవ్వరు, బ్యాచ్ నంబరు, బిల్లు నంబరు చూపించి వెంటపడాలి."

సుభద్ర:
ఒక్క లైనులో నాలుగు క్రియలు దాక్కుని ఉన్నాయి చూశారా! వేరు చేయడం, ముందు పంపడం, తిప్పి పంపడం, రాబట్టడం. ఇందులో గట్టిది "రాబట్టడం". స్టోర్‌లో ఉన్న ప్రతివాళ్లూ చేసే పని కాదది. దానికి ఇంగ్లీషులో "రికవర్డ్" చక్కగా సరిపోతుంది. అప్పుడు లైను ఇలా అవుతుంది: "రికవర్డ్ క్రెడిట్ ఫ్రమ్ స్టాకిస్ట్స్ బై రిటర్నింగ్ షార్ట్-ఎక్స్‌పైరీ స్టాక్ ఎవ్రీ మంత్." వేరు చేయడం కూడా చెప్పాలనిపిస్తే మరో లైను "ఐడెంటిఫైడ్" తో మొదలుపెట్టండి. నాలుగూ ఒకే లైనులో కుక్కితే దేనికీ బలం ఉండదు.

ఎంత సొమ్ము వెనక్కి వచ్చిందో ఆవిడ దగ్గర కచ్చితమైన లెక్క ఉండి, బయటపెట్టడానికి ఇబ్బంది లేకపోతే ఆ అంకె వేయండి. లేకపోతే "ప్రతి నెలా" అన్నమాట చాలు. ఉజ్జాయింపు లెక్క వేస్తే, ఎలా వచ్చిందని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చెప్పుకోలేక టెన్షన్ పడాలి.

కిరణ్:
మరి మొదటి లైనుకు "స్పియర్‌హెడెడ్ మెడికల్ స్టోర్స్" అంటే పవర్‌ఫుల్‌గా ఉండదా?

సుభద్ర:
ఆ క్రియకు ముందుండి కొత్తగా ఏదో నడిపించారని అర్థం. స్టోర్ ఎప్పటినుంచో ఉంది, పైన ఇన్‌చార్జి ఉన్నారు. "మీరు ఏం మొదలుపెట్టారు?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఏం చెబుతుంది? అసలా మొదటి లైనే తీసేయమంటాను. మిగతా లైన్లు చదివితే స్టోర్‌లో చేసిందని తెలిసిపోతుంది.

వడపోత గురించి నువ్వన్నది సగం నిజం, బాబూ. సాఫ్ట్‌వేర్‌లో మేం వెతికేది ఎక్కువగా అర్హత, రిజిస్ట్రేషను, ఇన్వెంటరీలాంటి పని పేర్లు. ప్రకటనలో ఉన్న పేర్లు రెజ్యూమేలో ఉన్నాయా అన్నది అక్కడ తేలుతుంది. క్రియ పనికొచ్చేది ఆ తర్వాత, మనిషి చదివేటప్పుడు.

ప్రకాశరావు:
రిటైరైన ఇంగ్లీషు మాస్టారుగా ఒక్కమాట. "రెస్పాన్సిబుల్ ఫర్" కొట్టేసి వదిలేస్తే ఐదో లైను "ట్రెయినింగ్ న్యూ స్టాఫ్" అని మిగులుతుంది, పక్కది "రికవర్డ్" అని ఉంటుంది. చదవడానికి కుంటుతుంది. మానేసిన ఉద్యోగం కాబట్టి అన్నీ భూతకాలంలోకి తేవాలి, "ట్రెయిన్డ్" అనాలి. ఎవరికి, ఏం నేర్పిందో కూడా అడగండి. "కొత్త స్టాఫ్" అంటే ఎవరు?

శైలజ:
కొత్తగా చేరిన అసిస్టెంట్లకు బ్యాచ్ నంబరు, గడువు కంప్యూటర్లో ఎక్కించడం నేర్పిందట మాస్టారూ. ఇండెంట్ల సంగతి ఇంకా బాగుంది. వార్డునుంచి వచ్చిన ఇండెంటులో డోసు డాక్టరు చీటీతో కలవకపోతే, మందు ఆపి సిస్టర్‌కు ఫోన్ చేసి తేల్చుకునేదట. మరి దీనికి "చెక్డ్" చాలా?

సుభద్ర:
"చెక్డ్" అంటే చూసిందని మాత్రమే. ఆవిడ పోల్చి చూసింది, తేడా పట్టుకుంది, ఆపింది, అడిగి తేల్చింది. "వెరిఫైడ్ వార్డ్ ఇండెంట్స్ అగెయిన్‌స్ట్ ప్రిస్క్రిప్షన్స్ అండ్ రిజాల్వ్డ్ డోస్ మిస్‌మ్యాచెస్ విత్ నర్సెస్ బిఫోర్ ఇష్యూ" అంటే పని కళ్లకు కడుతుంది. "బిఫోర్ ఇష్యూ" వదలకండి, మందు వార్డుకు చేరకముందే ఆపిందన్నది అందులోనే ఉంది.

హెచ్1 రిజిస్టరుకు మాత్రం "మెయింటెయిన్డ్" అనే సాదా మాటే పెట్టండి. రాసిన డాక్టరు, రోగి, మందు పేరు, ఎంత ఇచ్చారు, ఇవి ఎక్కించి రిజిస్టరు మూడేళ్లు భద్రపరచాలి. చేయాల్సింది పద్ధతిగా చేయడమే అందులో పని. దానికి పెద్ద క్రియ తగిలిస్తే, ఆ రిజిస్టరు తెలిసినవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

నజీర్:
నేను దోహాలో ఫార్మసీలోనే ఉన్నాను. సుభద్ర గారి మాట కాదనను గానీ, నాకు ఎదురైన ఏజెన్సీలు డ్యూటీల జాబితానే అడిగాయి. తమ జాబ్ డిస్క్రిప్షన్ పక్కన పెట్టుకుని టిక్కులు కొట్టుకుంటాయి. "రికవర్డ్ క్రెడిట్" అని రాస్తే, "స్టాక్ చూసేవాడివా కాదా?" అని తిరిగి అడిగారు. పైగా లైసెన్సు మీద మన పేరుంటే "రెస్పాన్సిబుల్" అన్నది చట్టప్రకారం నిజమైన మాట. దాన్నెందుకు తీసేయాలి?

సుభద్ర:
లైసెన్సు మీద పేరుంటే ఒక్కసారి, ఉద్యోగం పేరు కిందే రాయొచ్చు. ఏజెన్సీకి డ్యూటీల జాబితా వేరే కాగితంగా ఇవ్వండి.

నజీర్:
రెండు కాగితాలు పంపితే రెండోది తెరవరండీ, నా అనుభవం అది.

శైలజ:
లైసెన్సు మీద ఈవిడ పేరుందో లేదో అడగాలి. ప్రస్తుతానికి "రికవర్డ్", "వెరిఫైడ్", "మెయింటెయిన్డ్", "ట్రెయిన్డ్" తో నాలుగు లైన్లు సిద్ధమయ్యాయి. నజీర్ గారూ, ఆవిడ గల్ఫ్‌కూ ప్రయత్నించాలనుకుంటోంది. ఆ ఏజెన్సీ జాబ్ డిస్క్రిప్షన్ ఎలా ఉంటుందో ఒకటి ఇక్కడ పెట్టగలరా?