కాంప్లెక్స్ సిస్ట్ అని రాస్తే తీయించేయాలా, ఆగి చూడాలా?

నాగావళి: మా చెల్లికి 33 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. కుడి పక్క పొత్తికడుపులో నొప్పి వస్తే శ్రీకాకుళంలో స్కానింగ్ తీయించాం. "కుడి అండాశయంలో 4.8 × 4.1 సెం.మీ. కాంప్లెక్స్ సిస్ట్, లోపల ఎకోలు, సన్నని సెప్టేషన్లు" అని రిపోర్టు. ఒక డాక్టరు గారు తీసేద్దాం అన్నారు. ఇంకో డాక్టరమ్మ రెండు మూడు నెలలాగి మళ్లీ స్కాన్ చూద్దాం అన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరి మాట వినాలి?

రాజాం మాస్టారు: అమ్మా, లోపల నీళ్లే ఉంటే సింపుల్, దాని జోలికి వెళ్లక్కర్లేదు. నీళ్లు కాక ఇంకేమైనా ఉంటే కాంప్లెక్స్, దాన్ని ఉంచుకోకూడదు. మా వదిన గారికి 58 ఏళ్లప్పుడు ఇలాగే కాంప్లెక్స్ అని వచ్చింది. గ్యాస్ నొప్పి అనుకుని ఆరు నెలలు ఊరుకున్నారు. చివరికి విశాఖలో పెద్ద ఆపరేషన్, కీమో. ఆగమని చెప్పేవాళ్లకేం, పోయేది మనకి. ముందు క్యాన్సరు అనుమానం ఉంటే చేసే సీఏ-125 రక్తపరీక్ష చేయించండి. 35 దాటితే ఇంక ఆలోచించొద్దు.

బొబ్బిలి వీణ: నాకూ పెళ్లికి ముందు రెండు పక్కలా నీటి బుడగలు అన్నారు. మెట్‌ఫార్మిన్ వాడాను, బరువు తగ్గాను, నెలసరి సరిగ్గా వచ్చింది, తర్వాత బాబు పుట్టాడు. ఆపరేషన్ అన్న మాటకే భయపడకండి అక్కా, మందులతో పోతాయి.

స్కాన్‌గది (రేడియాలజీ, విజయనగరం): వీణమ్మా, మీది పీసీఓడీ. అందులో కనిపించేవి గింజల్లాంటి చిన్న ఫాలికల్స్, ఒక్కోటి సెంటీమీటరు కూడా ఉండదు. ఇక్కడ ఉన్నది ఒక్కటే, దాదాపు ఐదు సెంటీమీటర్లు. ఆ మందుకూ దీనికీ సంబంధం లేదు.

మాస్టారూ, సింపుల్ గురించి మీరన్నది నిజం. లోపల పూర్తిగా నల్లగా, గోడ పల్చగా నున్నగా, అడ్డుగోడలు గానీ గడ్డలు గానీ లేకుండా ఉంటే అది సింపుల్. రెండో సగంతోనే పేచీ. కాంప్లెక్స్ అంటే సింపుల్ కాదని మాత్రమే అర్థం. పాత రక్తం నిండిన తిత్తి, ఎండోమెట్రియోసిస్ తిత్తి, వెంట్రుకలూ కొవ్వూ ఉండే డెర్మాయిడ్, క్యాన్సరు, అన్నీ ఆ ఒక్క మాట కిందికే వస్తాయి. ఆ మాట రాసి సంతకం పెట్టడం మా వాళ్ల బద్ధకం. లోపల ఏం కనిపించిందో రాయాలి.

నాగావళి గారూ, మూడు సంగతులు చెప్పండి. స్కాన్ రోజుకి నెలసరి మొదలై ఎన్ని రోజులైంది? నొప్పి ఎలా మొదలైంది? రిపోర్టులో డాప్లర్ గురించి, అంటే రక్తప్రసరణ గురించి ఏమైనా రాశారా?

నాగావళి: నెలసరి మొదలై 22వ రోజున స్కాన్ చేశారు. నొప్పి రెండు రోజుల ముందు బిందె ఎత్తుతుంటే ఒక్కసారిగా వచ్చింది, తర్వాత మెల్లగా తగ్గింది. వాంతులు లేవు. రిపోర్టు చివర "లోపల రక్తప్రసరణ లేదు, చుట్టూ ఉంది" అని ఉంది. ఇవాళ ఫిల్ములో చూస్తే లోపల సాలెగూడులా ఉంది.

ప్రసూతి వార్డు సిస్టర్: అవన్నీ తర్వాత. మూత్రంతో ప్రెగ్నెన్సీ పరీక్ష చేశారా? పిల్లల ఆపరేషన్ అయిందని ఎవరూ అడగరు. ఆ ఆపరేషన్ ఫెయిలయి గర్భం వస్తే ట్యూబులో నిలిచే అవకాశం ఎక్కువ. అండాశయం పక్కన గడ్డ, పొత్తికడుపులో నొప్పి అంటే మా వార్డులో ముందు తెచ్చేది ఆ కార్డే.

స్కాన్‌గది: సిస్టర్ గారు చెప్పిందే ముందు. అది నేనే మొదట అడగాల్సింది.

పరీక్ష నెగెటివ్ అనుకుని చెబుతున్నాను. ఈ వయసులో, నెలసరి చక్రం రెండో సగంలో, హఠాత్తుగా నొప్పి వచ్చి తగ్గడం, చుట్టూ ఉంగరంలా ప్రసరణ, లోపల సాలెగూడు, అందులో ప్రసరణ లేకపోవడం, ఇవన్నీ కలిసి చెప్పేది ఒకటే. అండం విడుదలయ్యాక మిగిలే కార్పస్ లూటియంలోకి రక్తం చిమ్మింది. దాన్ని హెమరేజిక్ సిస్ట్ అంటారు. రక్తం గడ్డకట్టేటప్పుడు ఫైబ్రిన్ దారాలు ఏర్పడతాయి, స్కాన్‌లో అవే వలలా కనిపిస్తాయి. వాటిని చూసి "సన్నని సెప్టేషన్లు" అని రాసేస్తుంటారు. అసలైన అడ్డుగోడ ఒక గోడ నుంచి ఎదుటి గోడ దాకా తెగకుండా వెళ్తుంది. ఫైబ్రిన్ దారం పల్చగా, తెగుతూ, అల్లిబిల్లిగా ఉంటుంది.

అసలు తికమక రక్తపు గడ్డ దగ్గర. కొన్ని రోజులకి అది కుంచించుకుపోయి గోడకి అంటుకుంటుంది, చూడ్డానికి కండ ముద్దలాగే ఉంటుంది. అప్పుడు దాని అంచు చూస్తాం. రక్తపు గడ్డ అంచు ఎక్కువగా లోపలికి వంగి ఉంటుంది, ప్రోబ్‌తో మెల్లగా తడితే కొన్నిసార్లు జెల్లీలా ఊగుతుంది, అందులో ప్రసరణ ఉండదు. గోడ నుంచి తిత్తి లోపలికి ఉబ్బి, 3 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎత్తుండి, తట్టినా కదలకుండా, లోపల రక్తప్రసరణ ఉంటే అది వేరే కథ. దాన్ని పాపిలరీ ప్రొజెక్షన్ అంటాం. అలాంటిది ఒక్కటి కనబడినా నేను రెండు నెలలు ఆగమని చెప్పను.

రాజాం మాస్టారు: ప్రసరణ లేదని ఆ మెషీన్ చెప్పిందే నమ్మాలా? చూసినవాడు సరిగ్గా చూడకపోతే?

స్కాన్‌గది: మంచి ప్రశ్న వేశారు. డాప్లర్ స్కేలు ఎక్కువలో పెడితే నెమ్మదిగా పారే రక్తం కనిపించదు. స్కేలు బాగా దించి, గెయిన్ పెంచి, లోపలి ద్వారం నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో చూస్తేనే ఆ "లేదు"కి విలువ. నిండు మూత్రాశయంతో పొట్ట మీద నుంచి చేసిన స్కాన్‌లో ప్రసరణ లేదంటే నాకూ పూర్తి నమ్మకం కుదరదు. ప్రసరణ ఉందంటే మాత్రం నమ్మొచ్చు.

మీ వదిన గారి సంగతి వేరు. 58 ఏళ్లకి అండం విడుదల కాదు, కాబట్టి హెమరేజిక్ సిస్ట్ రావడానికి దారి లేదు. నెలసరి ఆగి ఏళ్లయిన ఆవిడకి ఇదే బొమ్మ కనిపిస్తే నేను కూడా అనుమానించి క్యాన్సర్ ఆపరేషన్లు చేసేవాళ్ల దగ్గరికి పంపుతాను. ఇక సీఏ-125. ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, ఫైబ్రాయిడ్‌లో పెరుగుతుంది, కడుపులో టీబీ ఉంటే బాగా పెరుగుతుంది, నెలసరి రోజుల్లోనూ పెరగొచ్చు. 33 ఏళ్ల అమ్మాయికి 48 వచ్చిందనుకోండి, దాంతో చేసేదేమీ లేకపోగా ఇంట్లో అందరికీ నిద్ర కరువవుతుంది.

ప్రసూతి వార్డు సిస్టర్: డాక్టరు గారూ, ఆగమని చెప్పడం తేలికే. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఆవిడని మూడు నెలల తర్వాత రమ్మంటే వస్తుందా? నొప్పి తగ్గితే రాదు. వాళ్లనలా వదిలేసే కన్నా అప్పుడే తీసేయడం నయం అని మా మేడమ్ అంటారు. ఆవిడ అనుభవం ఆవిడది.

స్కాన్‌గది: మళ్లీ రారన్నది నిజమే. కానీ తీసేయడం నష్టం లేని పని కాదు. తిత్తి వలుస్తుంటే మంచి అండాశయం కూడా కొంత పోతుంది. పైగా మన అంచనా తప్పి అది క్యాన్సరే అయితే, లాప్రోస్కోపీలో పగిలి లోపలి ద్రవం కడుపులో పడటంతోనే స్టేజి మారిపోతుంది. ఒకటి ఏ నుంచి ఒకటి సీకి వెళ్తుంది. సూదితో లాగేద్దాం అనేవాళ్లకీ ఇదే జవాబు. తానే కరిగిపోయేదైతే ఆపరేషన్ అనవసరం, కరగనిదైతే తొందరపాటు ఆపరేషన్ ప్రమాదం.

నిజానికి స్కాన్‌లో కనిపించిన అండాశయ తిత్తులని అంచనా వేయడానికి మేం వాడే ఓ-రాడ్స్ పద్ధతి ప్రకారం నెలసరి ఉన్న స్త్రీలో ఇలాంటి అచ్చమైన హెమరేజిక్ సిస్ట్ ఐదు సెంటీమీటర్ల లోపు ఉంటే మళ్లీ స్కాన్ కూడా అక్కర్లేదు. అయినా ఈ అమ్మాయిని నేను పిలుస్తాను. 4.8 అంటే గీత అంచున ఉంది, రిపోర్టు రాసినాయన అది హెమరేజిక్ అని చెప్పలేదు, నేను ప్రోబ్ పెట్టి చూడలేదు.

ప్రసూతి వార్డు సిస్టర్: మా మేడమ్‌కి చదివి వినిపించాను. "రేడియాలజిస్టుకి పేషెంటు ఇంటి అడ్రసు తెలీదు" అన్నారు. నేనైతే ఏమీ అనను.

నాగావళి: ప్రెగ్నెన్సీ పరీక్ష నెగెటివ్ వచ్చింది. మరి స్కాన్ ఎప్పుడు చేయించమంటారు? ఈలోగా ఏం చూసుకోవాలి?

స్కాన్‌గది: రెండు మూడు నెలల తర్వాత, నెలసరి మొదలైన ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య. ఆ రోజులు ఎందుకంటే, రెండో సగంలో చేస్తే ఆ నెల కొత్తగా ఏర్పడిన కార్పస్ లూటియం కనిపించి, పాతదే తగ్గలేదనుకుంటాం. టీవీఎస్ చేయమని అడగండి, పాత ఫిల్ము తీసుకెళ్లండి.

ఈలోగా మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, వాంతులు మొదలై, తగ్గకపోతే అదే రోజు ఆస్పత్రికి. అండాశయం మెలి తిరిగి ఉండొచ్చు. అక్కడ డాప్లర్‌లో ప్రసరణ ఉంది, పర్లేదు అని పంపించేస్తే ఒప్పుకోకండి, మెలి పడినా కొంత ప్రసరణ కనిపించవచ్చు. కళ్లు తిరిగి, పొట్ట ఉబ్బి, భుజం నొప్పి వస్తే లోపల రక్తం పోతోందని అనుమానించాలి. తిత్తి కరగడానికని గర్భనిరోధక మాత్రలు రాసిస్తుంటారు. వాటితో అది త్వరగా పోదు.

నాగావళి (మూడు నెలల తర్వాత): ఏడో రోజున టీవీఎస్ చేయించాం. కుడివైపుది 1.6 సెం.మీ.కి వచ్చింది, లోపల గూడు లేదు. కానీ ఇప్పుడు ఎడమ పక్క 2.2 సెం.మీ. సింపుల్ సిస్ట్ అని రాశారు! ఇంకో మూడు నెలలకి మళ్లీ రమ్మన్నారు.

స్కాన్‌గది: వెళ్లకండి. అది ఆ నెల పెరుగుతున్న ఫాలికల్. నెలసరి వస్తున్నన్నాళ్లూ మూడు సెంటీమీటర్ల లోపు సింపుల్ దాన్ని సిస్ట్ అని రాయడమే తప్పు. మూడు దాటి ఐదు దాకా ఉన్నా సింపుల్ అయితే మళ్లీ చూడక్కర్లేదు.

రాజాం మాస్టారు: పాపకి తగ్గింది, సంతోషం. అయినా ఆరు సెంటీమీటర్ల సింపుల్‌ని కూడా ఊరికే వదిలేస్తారా మీరు?

స్కాన్‌గది: అక్కడ మాలో మాకే ఒప్పందం లేదు మాస్టారూ. బ్రిటిష్ వాళ్ల మార్గదర్శకం ఐదు నుంచి ఏడు దాకా ఏడాదికోసారి స్కాన్ అంటుంది. అమెరికా రేడియాలజిస్టులు 2019లో, స్పష్టంగా కనిపించిన సింపుల్ అయితే ఏడు దాకా నెలసరి ఉన్నవాళ్లకి అక్కర్లేదన్నారు. నేను ఏడాదికోసారి అని రాస్తాను, ఎందుకంటే మన దగ్గర "స్పష్టంగా కనిపించింది" అని ధైర్యంగా రాయగలిగే స్కాన్లు తక్కువ. మా డిపార్ట్‌మెంట్‌లోనే ఇద్దరు నాతో ఒప్పుకోరు.

ప్రసూతి వార్డు సిస్టర్: మరి నెలసరి ఆగినావిడకి నాలుగు సెంటీమీటర్ల సింపుల్ ఉంటే? రేపు ఓపీలో అలాంటావిడే ఉన్నారు.

స్కాన్‌గది: ముందు అది నిజంగా సింపులేనా అని టీవీఎస్‌లో ఆసాంతం గోడ వెంబడి చూడమనండి. మూడు దాటింది కాబట్టి అవునన్నా ఏడాదికి మళ్లీ రమ్మంటాం. ఫిల్ము పంపండి, చూస్తాను.