పల్స్ 52, చర్మం వెచ్చగా: ఇది ఏ షాక్?

హౌస్‌సర్జన్28: మాక్ టెస్టు ప్రశ్న. బైక్ మీంచి పడ్డ మనిషి, కాళ్లూ చేతులూ కదలడం లేదు. బీపీ 80/40, పల్స్ 52, చర్మం వెచ్చగా, పొడిగా ఉంది. సీవీపీ 1. నేను హైపోవొలీమిక్ పెట్టాను, తప్పట. సీవీపీ తక్కువంటే రక్తం పోయినట్టే కదా? పనిలో పనిగా సెప్టిక్ సంగతీ చెప్పండి.

రాత్రిడ్యూటీ: సీవీపీ దగ్గరే బోల్తా పడ్డారు. న్యూరోజెనిక్‌లోనూ అది తక్కువే. రక్తం ఒంట్లోనే ఉంటుంది గానీ సింపథెటిక్ పట్టు పోయి, సాగిన సిరల్లో నిలిచిపోతుంది. కాబట్టి ముందు చెయ్యి పట్టుకు చూడండి. రక్తం పోతుంటే నాళాలు బిగుసుకుంటాయి, చెయ్యి చల్లగా, చెమటతో జిగటగా తగులుతుంది. ఇక్కడ ఆ బిగింపూ లేదు, చెమటా లేదు.

టాపర్_అన్న: ఇంత పురాణం ఎందుకు? పల్స్ తగ్గితే న్యూరోజెనిక్. అయిపోయింది.

రాత్రిడ్యూటీ: అవదు. అటెనలాల్ వాడే మనిషికి ప్లీహం పగిలినా పల్స్ 70 దాటకపోవచ్చు. దెబ్బ టీ6 కిందైతే గుండెకెళ్లే నరాలు బాగానే ఉంటాయి, పల్స్ తగ్గదు.

టాపర్_అన్న: పరీక్షలో అటెనలాల్ ఎవడు అడుగుతాడండీ! మార్కులు కావాలా, వాదన కావాలా?

ఐసీయూ_సిస్టర్: మెడ విరిగినవాడికి కడుపులో రక్తస్రావం ఉండకూడదని రూలేం లేదు సార్. ఫాస్ట్ స్కాన్, పెల్విస్ ఎక్స్‌రే చూసేదాకా రక్తం పోతోందనే అనుకోవాలి. అవి బాగుంటే మాత్రం సెలైన్ లీటర్లకొద్దీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. నార్‌అడ్రినలిన్ మొదలెట్టాలి, పల్స్ మరీ పడిపోతే అట్రోపిన్.

ఎకోరూమ్: చల్లటి చెయ్యి అన్నారు కాబట్టి చెబుతున్నా. కార్డియోజెనిక్‌లోనూ చల్లగానే ఉంటుంది, కానీ మెడ సిరలు ఉబ్బుతాయి, వెడ్జ్ ప్రెషర్ 18 దాటుతుంది. సీవీపీ 16, వెడ్జ్ 8, ఊపిరితిత్తులు క్లియర్ అని ఇచ్చారా, ఇన్ఫీరియర్ ఎంఐ ఉందేమో చూడండి. దెబ్బ తిన్నది కుడి జఠరిక. అక్కడ నైట్రేట్ ఇస్తే బీపీ కుప్పకూలుతుంది.

హౌస్‌సర్జన్28: సార్, నేనడిగింది సెప్టిక్.

రాత్రిడ్యూటీ: మొదట్లో అదీ వెచ్చగానే ఉంటుంది, కానీ పల్స్ వేగంగా, వేలికి ఎగిరి తగులుతుంది. సీవీపీ తక్కువో, మామూలుగానో ఉంటుంది. ముదిరితే చేతులు చల్లబడతాయి, అప్పుడు చర్మాన్ని నమ్మలేం.

టాపర్_అన్న: అంటే వెచ్చగా ఉండి వేగమైతే సెప్టిక్, నెమ్మదైతే న్యూరోజెనిక్. చివరికి పల్సే కదా తేల్చింది!

ఐసీయూ_సిస్టర్: ఆ మెడ దెబ్బ పేషెంట్‌ని ఏసీలో దుప్పటి లేకుండా గంటసేపు ఉంచండి. సాగిన నాళాల్లోంచి వేడంతా పోయి ఒళ్లు చల్లబడుతుంది. అప్పుడు మీ ‘వెచ్చగా’ ఎక్కడుంటుంది?